ఏడో సంతకం

స్వరూప ఉద్యోగం వదిలేసి నలభై ఆరు రోజులైంది. ఉద్యోగమే ఇంకా ఆమెను వదల్లేదు.

ఇదేం చోద్యం అంటారా? చెబుతాను. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే ల్యాబులో ఆమె పదకొండేళ్ళు పనిచేసింది. జనవరి రెండున రాజీనామా పెట్టింది. అరవై రోజుల నోటీసు ఒక్క రోజు తగ్గకుండా పూర్తి చేసింది. మార్చి రెండున, శనివారం సాయంత్రం, గేటు దగ్గర ఐడీ కార్డు ఇచ్చేసి బయటికి వచ్చింది. బస్సు దిగేలోపే ల్యాబు వాట్సాప్ గ్రూపులోంచి ఆమె పేరు తీసేశారు. అంత చురుకైన కంపెనీ రిలీవింగ్ లెటర్ మాత్రం ఇవ్వలేదు. ఈమె మా దగ్గర ఇన్నేళ్ళు చేసింది, ఫలానా తేదీన విడుదలైంది అని చెప్పే ఒకే ఒక్క కాగితం. దానితోపాటు రావాల్సిన ఆఖరి నెల జీతం, వాడుకోని సెలవుల డబ్బు, గ్రాట్యుటీ కూడా అక్కడే ఆగిపోయాయి.

డబ్బు సంగతి ఎలాగోలా ఓర్చుకునేదే. ప్రాణం మీదికి వచ్చింది లెటరే. జడ్చర్లలో ఇంకో మందుల కంపెనీ ఆమెకు ల్యాబ్ ఇన్‌చార్జ్ ఉద్యోగం ఇచ్చింది. మార్చి పదకొండున చేరాలి. పాతచోటు విడుదల కాగితం చూపించనిదే లోపలికి రానివ్వరు. ఆ గడువును ఒకసారి ఏప్రిల్ ఒకటికి జరిపారు, ఇంకోసారి ఇరవై రెండుకి. కొత్త కంపెనీ హెచ్చార్‌లో పనిచేసే కరుణ అనే అమ్మాయి మొన్న ఫోన్ చేసింది.

"అక్కా, ఇగ నా చేతుల లేదు. సోమారం పొద్దుగాల లెటర్ తోని వస్తే వచ్చినట్టు. లేకుంటే ఆఫర్ క్యాన్సిల్ చెయ్యుమన్నరు. లిస్టుల రెండో పేరు రెడీగ ఉన్నది" అంది.

ఇవాళ బుధవారం. శ్రీరామనవమి. సోమవారానికి మధ్య నాలుగు రోజులు, అందులో ఒకటి ఆదివారం.

జడ్చర్లలో స్వరూప తీసుకున్నది ఒకే ఒక్క గది. కిరాయికి ఇచ్చిన నర్సింగమ్మ కింద ఉంటుంది. ఈ ఊళ్ళో స్వరూపకు తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు. పెళ్ళి అయింది కానీ రెండేళ్ళు కూడా నిలవలేదు. తండ్రి బీరన్న పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క తమ్ముడు మల్లేశ్ గొర్రెల మందతో ఎండాకాలమంతా కృష్ణ ఒడ్డున తిరుగుతుంటాడు. వాడి ఫోనుకు సిగ్నల్ దొరకడమే ఒక పండుగ.

పొద్దున్నే అయిదున్నరకు మెలకువ వస్తుంది. పదకొండేళ్ళ షిఫ్టు బస్సు అలవాటు అది. లేచి స్నానం చేసి, అన్నం వండి, డబ్బాలో సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగుతుంది. "డ్యూటీకా బిడ్డా?" అని నర్సింగమ్మ అడుగుతుంది. "ఆ, పెద్దమ్మా" అని స్వరూప బయటికి నడుస్తుంది. ఎక్కడికి? బస్టాండుకు. అక్కడ ఫ్యాను కింద ఒక సిమెంటు బెంచీ మీద కూర్చుంటుంది. మహబూబ్‌నగర్ బస్సులు, కల్వకుర్తి బస్సులు వచ్చిపోతుంటే చూస్తుంది. మధ్యాహ్నం డబ్బా విప్పి తింటుంది. ఎండ వాలాక ఇంటికొస్తుంది. వచ్చిన రోజు నర్సింగమ్మ అడిగితే సిగ్గుపడి "డ్యూటీల చేరిన" అనేసింది. ఒక్క మాట. దాన్ని నిలబెట్టడానికి నెలన్నరగా రోజూ అన్నం డబ్బా మోస్తోంది. నవ్వొస్తుంది గానీ, ఆ బెంచీ మీద కూర్చుని తినే అన్నం రుచి ఆమెకే తెలుసు.

నవమి నాడు బ్యాగు వేసుకోవాల్సిన పని లేదు. పదకొండు గంటలకు నర్సింగమ్మే పైకి వచ్చింది, ఒక చేతిలో పానకం చెంబు, ఇంకో చేతిలో వడపప్పు గిన్నె.

"ఇయ్యాల సెలవు గదా, జర మంచిగ తిని పండుకో. మీ కంపెనోళ్ళు మస్తు పని చేయిస్తున్నట్టున్నరు, ముఖమంత ఎట్ల పీక్కపోయింది సూడు" అంది.

స్వరూప గ్లాసు అందుకుంది. మిరియాల ఘాటు గొంతులో తగిలింది. అంతే, ఆమెకు ఏడుపు ఆగలేదు.

"పెద్దమ్మా, నేను డ్యూటీల చేరలే. అబద్ధం చెప్పిన. రోజు బస్టాండ్ల కూసుంటున్న."

నర్సింగమ్మ గిన్నె కింద పెట్టింది, తానూ గడప మీద కూర్చుంది.

"ఎందుకు బిడ్డా గంత కష్టం? ఇంట్ల కూసుంటె నేనేమన్న కిరాయి పెంచుతనా?"

స్వరూప చెప్పింది. లెటర్ గురించి, ఆగిన డబ్బు గురించి, సోమవారం గురించి. నర్సింగమ్మకు సగమే అర్థమైంది. ఆ సగమే చాలు.

"ఇయ్యవలసినోడు గట్టిగ అడిగితేనే ఇస్తడు. నువ్వు గట్టిగ అడిగినవా?"

అడగలేదు. అదే చెప్పుకోవాలి. మార్చి పద్దెనిమిదిన ఒక మెయిల్ పెట్టింది, ఏప్రిల్ మూడున ఇంకోటి. రెంటిలోనూ 'దయచేసి' అన్న మాటే నాలుగైదు సార్లుంది. తన హక్కును అడుగుతూ, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమని రాసింది! పాత కంపెనీ హెచ్చార్ మేనేజర్ నాగేందర్ ఆ రెండూ చదివి పక్కన పెట్టాడు. ఎందుకు పెట్టడు?

నర్సింగమ్మ వెళ్ళాక స్వరూప తలుపు దగ్గరికి వేసి ల్యాప్‌టాప్ తెరిచింది. రామాలయం మైకులో కల్యాణం మంత్రాలు చదువుతున్నారు. గట్టిగా అంటే ఎలా? తిట్టడం ఆమెకు రాదు. వచ్చినా తిట్టి రాసిన కాగితానికి విలువ ఉండదని ఆమెకు తెలుసు. తనకు బాగా వచ్చిన రాత ఒకటుంది. ల్యాబులో ఏదైనా పొరపాటు జరిగితే రిపోర్టు రాస్తారు. ఏం జరిగింది, ఏ తేదీన, ఏ సమయానికి, ఆధారం ఏమిటి, ఇప్పుడు ఏం చేయాలి. కోపం అందులో ఎక్కడా రాదు. అలాగే మొదలుపెట్టింది.

అయిదు వాక్యాలు నడిచాయి. ఆరో దగ్గర చేతులు ఆగిపోయాయి.

ఆరో వాక్యంలో వెంకటయ్య సార్ పేరు రాయాలి.

వెంకటయ్య సార్ ఆ ల్యాబుకు హెడ్డు. భార్య పోయింది, కొడుకులు లేరు, ల్యాబే ఇల్లు. పెళ్ళి చెడిపోయి, నల్లగొండలో చదివిన ఎమ్మెస్సీ సర్టిఫికెట్ పట్టుకుని స్వరూప ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఉద్యోగం ఇచ్చాడు. "తప్పు జరిగితే చెప్తవా, దాస్తవా?" అన్నదే ఆ ప్రశ్న. మొదటి వారంలోనే ఆమె ఒక బరువు తప్పు రాసి, కంగారులో అంకె కనబడకుండా పెన్నుతో రుద్దేసింది. సార్ ఆ పేజీ పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"గిట్ల రుద్దితె ఏం దాసిపెట్టినవో అని అనుమానం వస్తది. ఒక్క గీత కొట్టు. కిందిది చదవరావాలె. పక్కన సరైంది రాయి, నీ పొట్టి సంతకం పెట్టు, ఆ రోజు తారీఖు వెయ్యి, ఎందుకు మారిందో రాయి. తప్పు అందరు చేస్తరు బిడ్డా. గీత కింద కనబడే తప్పుకు భయం లేదు" అన్నాడు.

అలాంటి మనిషికి చెప్పకుండా ఆమె వేరే కంపెనీకి వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. చెబితే వద్దంటాడు, వద్దంటే తాను వెళ్ళలేకపోయేది. ఇన్‌చార్జ్ పోస్టు గురించి మూడేళ్ళుగా "వచ్చే ఏడు చూద్దాం" అంటూనే ఉన్నాడు. రాజీనామా సంగతి సార్‌కు హెచ్చార్ మెయిల్లో తెలిసింది. ఆ రోజు నుంచి అరవై రోజులు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆఖరి రోజు సెలవు పెట్టాడు.

నో డ్యూస్ ఫారం అని ఒకటుంటుంది. వెళ్ళిపోయే మనిషి దగ్గర కంపెనీ వస్తువులేవీ మిగల్లేదని ఒక్కో విభాగం సంతకం పెట్టాలి. స్టోర్సు, ఐటీ, క్యాంటీను, బస్సు, రికార్డులు, సెక్యూరిటీ. ఆరు సంతకాలు స్వరూప ఆ రోజే తిరిగి పెట్టించుకుంది. ఏడోది ల్యాబు హెడ్డుది. సార్ లేడు. సాయంత్రం నాలుగు నలభైకి ఆ ఫారం సార్ టేబుల్ మీద, కళ్ళద్దాల డబ్బా కింద పెట్టి వచ్చేసింది. పదకొండేళ్ళలో చిన్న సీసా ఒకరికి ఇచ్చినా అందినట్టు సంతకం తీసుకున్న మనిషి, తన బతుకు కాగితానికి మాత్రం ఎవరి సంతకమూ తీసుకోలేదు. సార్ టేబులే కదా అనుకుంది.

ఇప్పుడా వాక్యం రాస్తే ఆలస్యం సార్ దగ్గరుందని, మెయిల్ కాపీ అందుకునే పెద్దసారు ప్లాంట్ హెడ్డుకు కూడా తెలుస్తుంది. రాయకపోతే హెచ్చార్ "మీ ఫారమే మాకు రాలేదు" అని తేల్చేస్తుంది. లెటర్ పోతుంది, ఉద్యోగం పోతుంది. రాస్తే సార్ పోతాడు. తనకు ఈ లోకంలో 'బిడ్డా' అన్న మగమనిషి తండ్రి తర్వాత ఆయనొక్కడే.

సాయంత్రం మల్లేశ్ ఫోను కలిసింది. వెనక గొర్రెల అరుపులు.

"లెటర్ లేకుంటె పని ఇయ్యరా? ఇదెక్కడి లొల్లి అక్కా! గొర్రెను కొన్నోడు దాని మీద తన రంగు పూసుకుంటడు, అయిపాయె."

"పాత రంగు పోతేనే గద రా కొత్తది పూసేది."

"అయితె నీ పాత రంగు ఇంక పోలేదన్నట్టు" అని వాడు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఒక్కదానివే ఉన్నవా? తిన్నవా?" అన్నాడు. తిన్నానని చెప్పేలోపే సిగ్నల్ పోయింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ గదిలో తాను పడిపోయినా ఎవరికీ రెండు రోజుల దాకా తెలియదు అనిపించింది. అంత ఒంటరితనం ఆమెకు భర్త వదిలేసినప్పుడు కూడా కలగలేదు.

గురువారం పొద్దున పది గంటలకు మెయిల్ పంపింది. ఇంగ్లిష్‌లో రాసిందే. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"విషయం: రిలీవింగ్ లెటర్, బకాయిల చెల్లింపు – ఉద్యోగి సంఖ్య 1183

నాగేందర్ గారికి నమస్కారం.

నేను క్వాలిటీ కంట్రోల్ విభాగంలో 2013 ఫిబ్రవరి 4 నుంచి 2024 మార్చి 2 వరకు పనిచేశాను. జనవరి 2న రాజీనామా ఇచ్చాను. అది అందినట్టు మీరు అదే రోజు మెయిల్ చేశారు. అరవై రోజుల నోటీసు పూర్తి చేశాను.

నో డ్యూస్ ఫారంలో ఆరు విభాగాల సంతకాలు మార్చి 2న తీసుకున్నాను. విభాగాధిపతి వెంకటయ్య గారు ఆ రోజు సెలవులో ఉన్నారు. అందువల్ల ఫారంను సాయంత్రం 4.40కి వారి టేబుల్ మీద ఉంచాను. అందినట్టు సంతకం తీసుకోలేదు. ఆ పొరపాటు నాది.

మార్చి 18, ఏప్రిల్ 3 తేదీల్లో నేను పంపిన మెయిళ్ళకు జవాబు రాలేదు. తుది చెల్లింపులకు కంపెనీ నియమాల్లో ఉన్న నలభై అయిదు రోజుల గడువు ఏప్రిల్ 16తో ముగిసింది. గ్రాట్యుటీకి చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులే. నా గ్రాట్యుటీ దరఖాస్తు మీకు మార్చి 2న అందినట్టు మీ ముద్ర ఉన్న ప్రతిని జతచేస్తున్నాను.

ఏప్రిల్ 20, శనివారం లోపు రిలీవింగ్ లెటర్ పంపాలని, బకాయిల వివరాలు, అవి చెల్లించే తేదీ రాతపూర్వకంగా తెలపాలని, పీఎఫ్ ఖాతాలో నేను వైదొలిగిన తేదీ నమోదు చేయాలని కోరుతున్నాను. ఏప్రిల్ 22న నేను కొత్త ఉద్యోగంలో చేరాలి. లెటర్ లేకపోతే ఆ అవకాశం పోతుంది.

గ్రాట్యుటీ విషయంలో జవాబు రాకపోతే సంబంధిత అధికారికి దరఖాస్తు చేసుకోవాల్సి ఉంటుంది. ఆ అవసరం రాదనే నమ్ముతున్నాను. ఈ కంపెనీలో నేర్చుకున్న పనికి ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

స్వరూప"

కాపీ ప్లాంట్ హెడ్డుకు పెట్టింది. ఇంకో కాపీ వెంకటయ్య సార్‌కు. మనిషి పేరు రాసి ఆ మనిషికి చూపించకుండా పంపడం ఆమె వల్ల కాలేదు.

మధ్యాహ్నం రెండింటికి నాగేందర్ ఫోన్ చేశాడు. నెలన్నరగా వినబడని గొంతు ఇప్పుడెంత తియ్యగా ఉందో!

"ఏందమ్మా స్వరూపా, మనం మనం ఒకటి గద! పెద్దసారుకు కాపీ పెట్టుడెందుకు? నాకు ఒక్క ఫోన్ కొడితె అయిపోతుండె."

"రెండు మెయిల్లు పెట్టిన సార్."

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడొక కాయిదం పంపుతున్న. బకాయిలన్ని నాకు ముట్టినయి, ఇంకేం రావలసింది లేదు అని ఉంటది. తారీఖు మార్చి రెండని వేసే ఉంటది, సంతకం పెట్టి పంపు. సాయంత్రంకల్ల లెటర్ నీ చేతుల ఉంటది."

"పైసలు ముట్టలేదు గద సార్."

"ముడుతయమ్మా, ఫికర్ చెయ్యకు! అక్కౌంట్స్ వాళ్ళు జర టైమ్ అడుగుతున్నరు. ఆడిట్ వాళ్ళకు ఫైలు క్లోజ్ అయినట్టు కనబడాలె, గంతే. ఫారం కూడ కొత్తది చేస్తం. వెంకటయ్య సారుతోని పాత తారీఖుకే సంతకం పెట్టిస్తం. అందరికి మంచిది."

"సార్ ఒప్పుకున్నడా?"

"ఒప్పుకోక ఏం చేస్తడు? ఫారం ఏమాయెనో అని పెద్దసారు ఆయన్నే అడుగుతుండు."

ఆ మాట ఆమె గుండెలో గుచ్చుకుంది. ఫోన్ పెట్టేసింది. కాసేపటికి నాగేందర్ కాగితం వచ్చింది. అయిదు వరుసలు, కింద సంతకానికి గీత. సంతకం పెడితే సోమవారం కొత్త ల్యాబు. సార్‌కూ తిప్పలు తప్పుతాయి. ఎవరూ చూడరు. సగంమంది పెట్టేవాళ్ళే ఉంటారు, వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. పొయ్యి మీద కుండ ఎక్కాలంటే సంతకం ఎంతసేపు?

స్వరూప కిందికి దిగి వీధి చివర జిరాక్సు షాపుకు వెళ్ళి ఆ కాగితం ప్రింటు తీయించింది. అక్కడే బల్ల మీద పెట్టి, స్కేలు అడిగి, 'బకాయిలన్నీ నాకు పూర్తిగా ముట్టినవి' అన్న వాక్యం మీద ఒక్క గీత కొట్టింది. ముద్రించి ఉన్న మార్చి 2 మీద ఇంకో గీత. పక్కన రాసింది: 'ఇంతవరకు ఏ బకాయీ అందలేదు. అందిన రోజు సంతకం చేస్తాను.' పొట్టి సంతకం పెట్టి, 18-04-2024 అని వేసింది.

షాపు ముసలాయన తొంగి చూశాడు. "తప్పు పడ్డదా మేడం? వైట్‌నర్ ఉన్నది, ఇయ్యనా?"

"వద్దు తాతా. కిందిది కనబడాలె."

స్కాన్ చేయించి అందరికీ పంపింది. గీతలున్న ఆ కాగితాన్ని వెంకటయ్య సార్ కూడా చూస్తాడు. చూసి ఏమనుకుంటాడో తెలియదు.

శుక్రవారం ఏమీ రాలేదు. బస్టాండుకు పోవాల్సిన పని లేకుండా పోయింది కాబట్టి రోజంతా గదిలోనే ఉంది. వండింది తినలేదు. మధ్యాహ్నం నర్సింగమ్మ పిలిచి తన పక్కన కూర్చోబెట్టి తొక్కు, చారు వేసి అన్నం పెట్టింది. శనివారం పొద్దున కరుణ మెసేజ్ పెట్టింది: "అక్కా, వచ్చిందా?" స్వరూప "ఇంకా లేదు" అని కొట్టి, చాలాసేపు ఆ మాటనే చూసింది. సార్‌కు ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు తీసింది. చేయలేదు. చేసి ఏమనాలి? మీ పేరు రాసినందుకు మన్నించమనా? రాసింది నిజమే కదా.

నాలుగు దాటాక మెయిల్ వచ్చింది.

పంపింది నాగేందర్. తీపి మాటలేమీ లేవు. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం. బకాయిల లెక్క, గ్రాట్యుటీకి ఆలస్యమైన రోజుల వడ్డీతో సహా ఏప్రిల్ ముప్పైన ఖాతాలో వేస్తామన్న మాట. పీఎఫ్‌లో తేదీ నమోదు చేశామని ఒక వరుస. చివర్లో, నో డ్యూస్ ఫారం స్కాను.

స్వరూప లెటర్ చదివింది. మార్చి రెండు నుంచి విడుదల చేశాం అని ఉంది. మళ్ళీ చదివింది. వెంటనే కరుణకు పంపింది. తర్వాత ఫారం తెరిచింది.

కొత్తది కాదు, తాను పెట్టి వచ్చిన పాతదే. మధ్యలో మడత పడింది. ఆరు సంతకాలు తాను పెట్టించుకున్నవే. ఏడో గడిలో వెంకటయ్య సార్ సంతకం. దాని పక్కన మొదట 02-03-2024 అని రాసి ఉంది. సార్ చేతిరాతే. దాని మీద ఒక్క గీత. గీత కింద అంకెలు చక్కగా చదవొస్తున్నాయి. పక్కన 19-04-2024, పొట్టి సంతకం. రిమార్కుల గడిలో రెండు వరుసలు: 'ఈ ఫారం మార్చి 4 నుంచి నా టేబుల్ సొరుగులో ఉంది. ఆలస్యానికి కారణం నేను, ఉద్యోగి కాదు.'

ఆమె కళ్ళు మసకబారాయి. ఆ పాత తేదీ ఎవరు వేయమంటే వేశాడో ఆమెకు తెలుసు. వేసి ఎక్కడ ఆగాడో కూడా తెలుసు. పెన్ను ఎత్తి, కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ వంగి ఉంటాడు.

ఈసారి నంబరు నొక్కింది. రెండో రింగుకే ఎత్తాడు. అటువైపు ల్యాబులో మిషన్ల హోరు వినిపించింది. శనివారం సాయంత్రం, అందరూ వెళ్ళిపోయి ఉంటారు.

"సార్, నేను స్వరూపను."

"ఆ, తెలుస్తాంది. లెటర్ ముట్టిందా?"

"ముట్టింది సార్. సోమారం చేరుతున్న."

"మంచిది. ఇన్‌చార్జ్ అంట గద. కొత్త పిల్లలను తొందరపెట్టకు."

"మీ పేరు రాయవలసి వచ్చింది సార్."

"జరిగింది రాసినవు. దాంట్ల ఏమున్నది?" తర్వాత, ల్యాబులో ఎన్నిసార్లో అడిగినట్టుగానే అడిగాడు. "నా ఎంట్రీ చూసినవు గద. కరెక్షన్ సరిగ్గ ఉన్నదా?"

పదకొండేళ్ళు ఆయన రాతలు చూసి, సరిచూశానని కింద సంతకం పెట్టింది ఆమే. ముక్కు తుడుచుకుంది.

"కరెక్షన్ సరిగ్గనే ఉన్నది సార్. కారణమే పూర్తిగ రాయలేదు. సొరుగుల ఎందుకు పెట్టిండ్రో రాయలే."

అటువైపు సొరుగు ఒకటి మూసిన చప్పుడు వినబడింది.

"గంత జాగా లేదు బిడ్డా ఆ గడిల" అన్నాడు సార్.